నీలి చుక్క ఎదురు ఫుట్‌పాత్ ఎందుకెక్కుతుంది?

నేను రోజూ హైటెక్ సిటీ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ మధ్య తిరుగుతాను. పాత ఫోన్ జీపీఎస్ సిగ్నల్‌ను L1 అనే ఒకే ఫ్రీక్వెన్సీలో అందుకునేది. ఇప్పటి ఫోన్ L5 కూడా అందుకుంటుంది. రెండూ చాలాకాలం వాడాక చెబుతున్నాను.

అద్దాల భవనాల మధ్య పాత ఫోన్‌లో, మ్యాప్‌లో మనమున్న చోటు చూపే నీలి చుక్క తరచూ ఎదురు ఫుట్‌పాత్ మీద కనిపించేది. మీరు రోడ్డుకు పడమటి పక్కన, భవనాన్ని ఆనుకుని నిలబడ్డారనుకోండి. పడమటి ఉపగ్రహాన్ని ఆ భవనమే అడ్డేస్తుంది. దాని సిగ్నల్ 25 మీటర్ల అవతలి తూర్పు గోడకు తగిలి, వెనక్కి తిరిగి మీ ఫోన్‌కు చేరుతుంది. ఉపగ్రహం ఆకాశంలో సగం ఎత్తున ఉంటే ఆ దారి దాదాపు 35 మీటర్లు ఎక్కువ. ఫోన్‌కు గోడ సంగతి తెలీదు. ఉపగ్రహం అంత దూరంలో ఉందని లెక్కేసి మిమ్మల్ని తూర్పుకు నెడుతుంది. మిగతా ఉపగ్రహాల లెక్కలూ కలుస్తాయి కాబట్టి మొత్తం 35 మీటర్లూ జరగకపోవచ్చు, కానీ రోడ్డు దాటించడానికి అంత అక్కర్లేదు కదా.

నేరుగా వచ్చిన సిగ్నల్‌నీ, గోడకు తగిలి ఆలస్యంగా వచ్చినదాన్నీ L5లో విడదీయడం తేలిక. కొత్త ఫోన్‌లో గెంతులు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. నేరు సిగ్నల్ అసలే అందనప్పుడు L5 మాత్రం ఏం చేస్తుంది?

ఇలాంటప్పుడు చాలామంది ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకెలా తిప్పుతారు. దానివల్ల సరయ్యేది దిక్సూచి, అంటే చుక్క నుంచి వచ్చే నీలి వెలుగు వైపు మాత్రమే. చుక్క ఉన్నచోటు మారదు. నడుస్తున్నప్పుడు నాకు పనికొచ్చింది మరొకటి. గూగుల్ మ్యాప్స్‌లో చుక్కను నొక్కి Calibrate ఎంచుకుని, కెమెరాను ఎదుటి భవనాల వైపు చూపిస్తే, స్ట్రీట్ వ్యూ చిత్రాలతో పోల్చి చోటునూ దిక్కునూ రెండింటినీ సరిచేస్తుంది. 2022లో మన దేశంలో స్ట్రీట్ వ్యూ మొదలైన పది నగరాల్లో హైదరాబాద్ ఉంది కాబట్టి ఇక్కడ బాగానే పనిచేస్తుంది. చీకట్లో మాత్రం కష్టం. ఫోన్ సెట్టింగుల్లో Location Accuracy ఆన్‌లో ఉంచితే చుట్టుపక్కల వైఫైల సాయమూ అందుతుంది.

మైండ్‌స్పేస్ అండర్‌పాస్‌లో ఇవేవీ సాగవు, L5 కూడా. లోపల ఉపగ్రహం కనపడదు. వచ్చిన వేగాన్నీ సెన్సర్లనూ నమ్ముకుని మ్యాప్ కాసేపు చుక్కను ముందుకు నడిపిస్తుంది. లోపల ట్రాఫిక్ జామైతే మీరు ఆగినా అది వెళ్తూనే ఉండొచ్చు. పైగా కింద, నేల మీద, ఫ్లైఓవర్ మీద ఉన్న దారులు మ్యాప్‌లో ఒకదానిపై ఒకటి పడతాయి. నేనైతే దిగకముందే తర్వాతి మలుపు చూసుకుంటాను. బయటికొచ్చాక చుక్క కుదురుకునేదాకా ‘రీరూటింగ్’ అన్నా పట్టించుకోను.

ఫోన్ కొనేవాళ్లు ధర చూసి L5 ఉంటుందనుకోవద్దు. ఆరుబయట GPSTest యాప్ తెరిచి, ఉపగ్రహాల జాబితాలో L5 కనిపిస్తోందో లేదో చూడండి.