తెర మీద 90 అంటే 98, క్రిట్ 3 అంటే మూడే: రెండేళ్లుగా ఆడుతున్న ఫైర్ ఎంబ్లం

పోయిన దసరా సెలవులకు మా బాబాయి కొడుకు ఉప్పల్‌లో మా ఇంటికి వచ్చాడు. నా నింటెండో స్విచ్ తీసుకుని, గళ్ల మైదానం మీద వంతులవారీగా సైన్యాన్ని నడిపే ‘ఫైర్ ఎంబ్లం: ది బ్లేజింగ్ బ్లేడ్’ ఆట మొదలుపెట్టాడు. అరగంట కాకముందే అవతలి గది నుంచి అరుపు వినిపించింది: “అన్నా, 90 ఉంది కదా, ఎట్ల తప్పింది?”

నేనూ ఒకప్పుడు ఇదే అడిగాను. 2003లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ కోసం వచ్చిన ఈ ఆట 2023 జూన్‌లో స్విచ్ ఆన్‌లైన్ అనే చందా సేవలోకి వచ్చింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ స్విచ్‌లో అప్పటి నుంచి ఆడుతూనే ఉన్నాను. రోజూ మెట్రోలో ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా, మళ్లీ వెనక్కి. మూడుసార్లు పూర్తి చేశాను, ఇప్పుడు నాలుగోసారి. కథ, సంగీతం, బొమ్మలు అన్నీ నాకు ఇష్టమే, కానీ వాటి గురించి చాలామంది రాశారు. నేను రాయాలనుకుంటున్నది ఆట లోపల వేసే పాచికల గురించి. ఈ ఆటలో మన మనిషి చస్తే మళ్లీ రాడు. అందుకే ఆ పాచికలు ఎలా పడతాయో తెలియడం చాలా అవసరం.

దాడికి ముందు తెర మీద మూడు అంకెలు కనిపిస్తాయి. దెబ్బ ఎంత, హిట్ అంటే ఆ దెబ్బ తగిలే అవకాశం ఎంత శాతం, క్రిట్ అంటే తగిలిన దెబ్బ మూడింతలయ్యే అవకాశం ఎంత శాతం. హిట్, క్రిట్ పక్కపక్కనే ఒకే రకం అక్షరాల్లో ఉంటాయి కాబట్టి రెండూ ఒకేలా పనిచేస్తాయని అనుకుంటాం. పనిచేయవు.

క్రిట్‌ది సూటి లెక్క. ఆట 0 నుంచి 99 దాకా ఒక సంఖ్య తీస్తుంది. క్రిట్ 3 అని ఉంటే, ఆ సంఖ్య 3 కన్నా తక్కువైతే క్రిట్ పడుతుంది. అంటే నిజంగానే నూటికి మూడు. హిట్‌కు మాత్రం అలాంటి సంఖ్యలు రెండు తీసి, వాటి సగటు చూస్తుంది. ఆ సగటు తెర మీది హిట్ కన్నా తక్కువైతే దెబ్బ తగులుతుంది. ఈ సిరీస్‌లో ఈ పద్ధతి 2002లో వచ్చిన ‘ది బైండింగ్ బ్లేడ్’తో మొదలైంది.

రెండు తీసి సగటు చూస్తే ఏమవుతుందో అష్టాచెమ్మా ఆడినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. నాలుగు గవ్వలు వేస్తే రెండు పడటం మామూలే. అష్టా గానీ చెమ్మా గానీ పడాలంటే ఎంతసేపు ఎదురుచూడాలో మనకు తెలుసు. ఇక్కడా అంతే, సగటు మధ్యలోనే ఎక్కువగా పడుతుంది. అది 90 దాటాలంటే రెండు సంఖ్యలూ బాగా పెద్దవి కావాలి, అలా జరిగేది తక్కువ. లెక్క వేస్తే తెర మీద 90 ఉన్న దాడి నిజానికి 98.1 శాతం తగులుతుంది. 80 అంటే 92.2. మధ్యలో 50 దాదాపు 50 గానే ఉంటుంది. కిందికి వెళ్తే తిరగబడుతుంది. 30 అని చూపిస్తే నిజంగా ఉన్నది 18.3 మాత్రమే, 10 అంటే 2.1.

మొదట్లో నాకు నమ్మకం కలగలేదు. ఒక చిన్న నోటుబుక్కులో 88 నుంచి 92 మధ్య చూపించిన నా దాడులన్నీ రాసుకుంటూ పోయాను. 212 దాడులు రాసేసరికి తప్పినవి ఐదు. తెర మీది మాటే నిజమైతే ఇరవై దాకా తప్పాలి. తమ్ముడికి ఆ పేజీ చూపించాను. వాడికి తప్పినది ఆ నూటికి రెండులో ఒకటి. వాడి కోపం చల్లారలేదు గానీ నోటుబుక్కు మాత్రం తీసుకున్నాడు.

ఇది తెలిశాక నేను ఆడే తీరే మారిపోయింది, ముఖ్యంగా అడవి గళ్ల విషయంలో. అడవి గడిలో నిలబడితే శత్రువు హిట్ 20 తగ్గుతుంది. 60 ఉన్నది 40 అవుతుంది. చూస్తే మూడో వంతు తగ్గినట్టే ఉంటుంది. కానీ 60 అంటే నిజంగా 68.4, 40 అంటే 32.4. అంటే తగిలే దెబ్బలు సగానికి పైగా తగ్గిపోతాయి. అదే 20 పాయింట్లు 100 నుంచి 80కి తగ్గితే నిజమైన తేడా ఎనిమిది శాతం కూడా ఉండదు. హిట్ 50 చుట్టుపక్కల ఉన్నప్పుడు తెర మీది ఒక్కో పాయింటూ దాదాపు రెండింటి విలువ చేస్తుంది. ఈ సంగతి ఆట ఎక్కడా చెప్పదు, నా పెద్ద ఫిర్యాదు అదే. చెప్పి ఉంటే, భారీ కవచం ఉన్నవాణ్ణి అడవిలో నిలబెట్టి, చురుకైనవాణ్ణి మైదానంలో వదిలేసి మొదటి ఆట అంతా పాడుచేసుకునేవాణ్ణి కాదు.

ఇప్పుడు అదృష్టం సంగతికి వస్తాను. ‘లక్’ అనే అంకెను చాలామంది పట్టించుకోరు. బలం, వేగం పెరిగితే సంబరపడతారు, లక్ ఒక్కటే పెరిగితే ఉసూరుమంటారు. ఈ ఆటలో లక్ మూడు చోట్ల పనిచేస్తుంది. మన హిట్‌కు లక్‌లో సగం కలుస్తుంది. మనం తప్పించుకునే అంకెకు లక్ మొత్తం కలుస్తుంది. శత్రువు క్రిట్‌లోంచి మన లక్ మొత్తం తీసేస్తారు. ఈ మూడోదే ప్రాణం కాపాడుతుంది, ఎందుకంటే క్రిట్ పడితే దెబ్బ మూడింతలు.

నాకు ఇది అర్థమైంది బేగంపేట, అమీర్‌పేట స్టేషన్ల మధ్య. రెండోసారి ఆడుతున్నప్పుడు రేవెన్ అనే కత్తివీరుణ్ణి ముందుకు పంపాను. చాలా వేగం ఉన్నవాడు, నాకు బాగా ఇష్టమైనవాడు. కానీ జట్టులో చేరేటప్పుడు వాడి లక్ 2. అప్పటికి 4 అయింది. ఎదురుగా క్రిట్ ఎక్కువగా పడే కిల్లర్ యాక్స్ పట్టుకున్న గొడ్డలివాడు. తెర మీద దెబ్బ 11, హిట్ 32, క్రిట్ 30. రేవెన్ ప్రాణం 30. హిట్ 32 అంటే తగలదులే అనుకున్నాను. తగిలింది, క్రిట్ కూడా పడింది, 33 దెబ్బ. రైలు అమీర్‌పేటలో ఆగింది, జనం దిగారు, ఎక్కారు. నేను తెర మీద రేవెన్ చివరి మాటలు చదువుతూ కూర్చున్నాను.

ఆ రాత్రి కాగితం తీసి లెక్క వేశాను. హిట్ 32 అంటే నిజంగా 20.8 శాతం. అందులో క్రిట్ 30 శాతం. కాబట్టి ఆ ఒక్క దాడిలో రేవెన్ చచ్చే అవకాశం ఆరు శాతానికి కొంచెం పైన. వాడి లక్ 4 కాకుండా 14 ఉంటే? తప్పించుకునే అంకె 10 పెరుగుతుంది, హిట్ 22కి దిగుతుంది, నిజంగా 9.9. క్రిట్ 30 నుంచి 20కి దిగుతుంది. రెండూ కలిపితే చచ్చే అవకాశం రెండు శాతం. పది పాయింట్ల లక్ ప్రమాదాన్ని మూడో వంతుకు తెచ్చింది. ఒకే అంకె రెండు తలుపులూ మూసింది కాబట్టే ఇంత తేడా.

అయితే ప్రతి పాయింటుకూ ఒకే విలువ ఉండదు. మామూలు ఆయుధానికి సొంత క్రిట్ ఉండదు, పట్టుకున్నవాడి నైపుణ్యంలో సగమే క్రిట్ అవుతుంది. నైపుణ్యం 6 ఉన్న సైనికుడికి క్రిట్ 3. నా మనిషి లక్ 3 ఉంటే చాలు, అది సున్నా. అంటే మొదటి నాలుగైదు పాయింట్ల లక్ మామూలు సైనికుల క్రిట్లన్నీ తుడిచేస్తుంది. ఆ తర్వాత క్రిట్ విషయంలో పనికొచ్చేది ఎక్కువగా కిల్లర్ ఆయుధాల ముందే. అందుకే లక్‌ను 2 పెంచే గాడెస్ ఐకాన్ దొరికితే నేను ఎవరికి ఇస్తానంటే, లక్ రెండు మూడు దగ్గర ఆగిపోయినవాడికి. 15 ఉన్నవాడికి ఇస్తే దాదాపు వృథానే. క్రిట్ 1 అని కనిపిస్తే పట్టించుకోకుండా వదిలేసేవాణ్ణి, ఇప్పుడు వదలను. ఒక అధ్యాయంలో అలాంటి దెబ్బలు ఎన్నో తగులుతాయి, వాటిలో ఏదో ఒకటి మూడింతలు కావచ్చు.

ఇక కనపడని యంత్రం గురించి. రేవెన్ చచ్చాక నేను చేసిన మొదటి పని స్విచ్‌లో ఆటను వెనక్కి తిప్పడం. నా వంతు చివరికి వెళ్లి, ఏమీ మార్చకుండా మళ్లీ ముగించాను. అదే గొడ్డలి, అదే క్రిట్. ఇంకోసారి తిప్పాను, మళ్లీ అదే. ఆట నా మీద పగబట్టిందేమో అనిపించింది. అసలు కారణం వేరే. ఈ ఆట నిజంగా పాచికలు వేయదు. లోపల ఒక లెక్క ఉంటుంది, ముందు వచ్చిన సంఖ్యల నుంచే తర్వాతి సంఖ్య పుడుతుంది. కాబట్టి రాబోయే సంఖ్యలన్నీ ఒక దండలా ముందే గుచ్చి ఉన్నట్టే. వెనక్కి తిప్పితే దండ కూడా ఉన్నచోటికే వెనక్కి వస్తుంది. అదే పని చేస్తే అవే పూసలు అందుతాయి.

తప్పిన దాడి రెండు పూసలు తింటుంది. తగిలిన దాడికి క్రిట్ కూడా చూడాలి కాబట్టి మూడు. ఇది తెలిశాక మూడోసారి వెనక్కి తిప్పి, వంతు ముగించే ముందు నా విలుకాడితో ఒక అనవసరమైన బాణం వేయించాను. దాంతో దండ జరిగింది, గొడ్డలివాడికి వేరే సంఖ్యలు అందాయి, దెబ్బ తప్పింది. రేవెన్ బతికాడు. దాడి కూడా అక్కర్లేదు. మనిషిని కదిపేటప్పుడు గీసే బాణం గుర్తును దారి అందనంత దూరం లాగితే, ఆట దారిని తనే కొత్తగా గీస్తుంది. సమాన దూరం ఉన్న దారులు రెండుంటే ఏది గీయాలో తేల్చడానికీ అదే దండలోంచి పూస తీసుకుంటుంది. ఇది తెలిసినవాళ్లు ప్రతి స్థాయి పెరుగుదలనూ తమకు నచ్చినట్టు తెచ్చుకోగలరు.

నేను ఆ దారిలో కొంతకాలం వెళ్లాను. మూడోసారి ఆట అంతా అలాగే ఆడాను. అందరూ బతికారు, అందరి అంకెలూ బ్రహ్మాండం. కానీ ఒక్క పోరాటం కూడా గుర్తులేదు. రెండోసారి ఆడినది మాత్రం ప్రతి అధ్యాయం చెప్పగలను. అందుకే నాలుగోసారి వెనక్కి తిప్పడం మానేశాను.

ఇదే సిరీస్‌లో తర్వాతి ఆటలకు వెళ్లేవాళ్లకు ఒక మాట. ఈ లెక్కలు అక్కడికి యథాతథంగా తీసుకెళ్లకండి. 2015లో వచ్చిన ‘ఫేట్స్’లో 50కి కింద చూపించే హిట్ ఉన్నది ఉన్నట్టే, పైన ఉన్నదే మనకు అనుకూలంగా పెరుగుతుంది. అంటే 30 అంటే అక్కడ 30. ఈ ఆటలో అలవాటైన ధీమాతో అక్కడ పల్చటి మనిషిని ముందు నిలబెడితే దెబ్బతింటారు.

ప్రస్తుతం నా రేవెన్ లక్ 7. ఐకాన్ వాడికే ఇచ్చాను. కిల్లర్ యాక్స్ కనిపిస్తే వాణ్ణి అడవి గడిలోకి పంపి, హిట్ అంకె చూసి, పక్కన కాగితం మీద నిజమైనది రాసుకుని అప్పుడు వంతు ముగిస్తున్నాను. తమ్ముడు నిన్న ఫోన్ చేశాడు. నోటుబుక్కులో 140 దాడులు రాశాడట, తప్పినవి రెండేనట. “అన్నా, ఆ మొదటిది తప్పకపోతే ఒక్కటే ఉండేది” అన్నాడు.