విడుదల వారంలో నింద కార్డు మీద పడింది: 3060 టీఐ చాలాకాలం వాడాక

నా 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060 టీఐ మీద నాకు ఇప్పటికీ కోపం రాలేదు. కోపమంతా 2023 మార్చి ఆఖరి వారం మీదే. ఆ నెల 28న ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1’ పీసీలోకి వచ్చింది. రెండు రోజులు తిరక్కుండానే ఎక్కడ చూసినా ఒకటే మాట: 8 జీబీ కార్డుల పని అయిపోయింది. "అన్నా, రేటు పడిపోకముందే అమ్మేయ్" అని మా తమ్ముడు కూడా వెంటపడ్డాడు. నేను అమ్మలేదు.

ఆ వారం జనం చూసింది అబద్ధం కాదు. టెక్స్చర్లు హైలో పెడితే కార్డులోని 8 జీబీ వీడియో మెమరీ నిండిపోయి ఆట కుదుపులతో నడిచేది. మీడియంకి దించితే గోడలు, బట్టలు అలుక్కుపోయినట్టు కనిపించేవి. ఆట మొదలుపెట్టగానే షేడర్లు, అంటే తెర మీద బొమ్మ ఎలా గీయాలో కార్డుకి చెప్పే చిన్న ప్రోగ్రాములు, తయారవడానికే చాలా పీసీల్లో అరగంట పైన పట్టింది.

అసలు కారణం ఈ ఆట మొదట వచ్చిన పీఎస్5 కన్సోల్‌లో ఉంది. దాంట్లో 16 జీబీ మెమరీని సీపీయూ, జీపీయూ కలిసి వాడుకుంటాయి. కుదించిన ఫైళ్లను విప్పడానికి ప్రత్యేకమైన చిప్ భాగం ఉంటుంది. కార్డు ఒకటే రకం కాబట్టి షేడర్లను ముందే తయారుచేసి ఇచ్చేస్తారు. పీసీకి వచ్చేసరికి ఆ విప్పే పని సీపీయూ నెత్తిన పడుతుంది, షేడర్లు ఎవరి మెషీన్‌లో వాళ్లకి తయారవ్వాలి, వీడియో మెమరీ వేరుగా, తక్కువగా ఉంటుంది. ఈ మూడింటికీ తగ్గట్టు ఆటను మళ్లీ మలచకపోతే ఎంత మంచి కార్డయినా చేతకానిదిలా కనిపిస్తుంది. తర్వాతి నెలల్లో ప్యాచ్‌లు వచ్చాయి, మీడియం టెక్స్చర్లు చూడదగ్గట్టు తయారయ్యాయి, మెమరీ వాడకం తగ్గింది. నేను ఆ తర్వాతే ఆడాను. అదే కార్డు, 1080పీ, హై టెక్స్చర్లు, హాయిగా నడిచింది. కార్డులో ఒక్క ట్రాన్సిస్టర్ కూడా మారలేదు కదా!

ఆ తర్వాత ఇంకో ఆటలో, పేరు వద్దులెండి, కుదుపులు నా మెషీన్‌లోనే ఎదురయ్యాయి. ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌తో ఒక్కో ఫ్రేముకి ఎంతసేపు పట్టిందో చూపే ఫ్రేమ్ టైమ్ గీత, జీపీయూ వాడకం, వీడియో మెమరీ తెర మీద పెట్టుకుని ఆడాను. కుదుపు వచ్చిన ప్రతిసారీ గీత నిలువుగా లేచింది, జీపీయూ వాడకం మాత్రం 97 నుంచి 60 శాతం లోపుకి జారింది. అంటే ఆ క్షణంలో కార్డు పని లేక ఎదురుచూస్తోంది. రిజల్యూషన్ 720పీకి దించాను, కుదుపు అలాగే ఉంది. కార్డే చాలకపోతే అక్కడ తేలికపడాలి. మెమరీ కూడా నిండలేదు. నిండి ఉంటే టాస్క్ మేనేజర్‌లో షేర్డ్ జీపీయూ మెమరీ పెరిగేది. ఆఖరికి సేవ్ లోడ్ చేసి అదే సందులో మళ్లీ నడిచాను. మొదటిసారి కొట్టుకున్న మలుపు రెండోసారి నున్నగా సాగింది. ఆడుతుండగా అప్పటికప్పుడు షేడర్లు తయారవుతున్నాయన్నమాట. రెండోసారి కూడా అక్కడే ఆగితే కొత్త ప్రాంతం లోడయ్యే చోట ఇబ్బంది అని అనుమానించేవాణ్ని.

విడుదల వారం సమీక్షలు చదివేటప్పుడు నాకు పనికొచ్చింది ఈ రెండోసారి సంగతే. బెంచ్‌మార్క్ చేసేవాళ్లు ఒకే దారిని పదేపదే నడిచి సగటు తీస్తారు. మొదటి నడకలోనే షేడర్లు తయారైపోతే అంకెల్లో కుదుపు మాయమవుతుంది, కొన్నవాడికి మాత్రం ప్రతి సందూ మొదటి నడకే. పైగా కార్డులు పోల్చేటప్పుడు చాలామంది అత్యంత వేగమైన సీపీయూ పెడతారు. అది తప్పు కాదు, కానీ రైజెన్ 5 5600 ఉన్న నాలాంటివాడి ఇంట్లో జరిగేది అందులో కనిపించదు. అందుకే నేను సగటు వదిలేసి, అత్యంత నెమ్మదైన ఫ్రేముల వేగం చెప్పే ‘1% లో’ అంకె, ఫ్రేమ్ టైమ్ గీత, ఆట వెర్షన్, డ్రైవర్ వెర్షన్ చూస్తాను. వెర్షన్ రాయని అంకెలను ప్యాచ్ వచ్చాక లెక్కలోకి తీసుకోను. అన్నీ అల్ట్రాలోనే కొలిచి "8 జీబీ చాలదు" అంటే, హైలో ఏమైందో చెప్పే ఇంకో సమీక్ష వెతుక్కుంటాను. స్టీమ్‌లో డబ్బు వెనక్కి రావాలంటే కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకు మించి ఆడకుండా అడగాలి. ఆట లోపల షేడర్లు తయారయ్యే సమయం కూడా ఆ 2 గంటల్లోకే వస్తుంది.

ఇంతకీ కార్డు మచ్చలేనిదని అనను. రే ట్రేసింగ్ ఆన్ చేసి 1440పీకి వెళితే కొన్ని ఆటల్లో 8 జీబీ నిజంగానే నిండిపోతుంది, అది ప్యాచ్‌తో తీరుతుందని ఎదురుచూడక్కర్లేదు. కొన్న కొత్తలో "ఇంకో ఐదేళ్లు ఢోకా లేదు" అని అందరికీ చెప్పాను, ఇప్పుడైతే ఆ మాట 1080పీ వరకే అంటాను. నాది 1080పీ మానిటర్, కొత్త ఆటలను కొన్ని నెలలు ఆగి, ధర తగ్గాక కొంటాను. అలా ఆడేవాళ్లు, సెకండ్ హ్యాండ్‌లో మంచి ధరకి దొరికితే తీసుకోవచ్చు. విడుదల రోజునే ఆడాలనుకునేవాళ్లు, 1440పీ తెర ఉన్నవాళ్లు 12 జీబీ ఉన్న కార్డే చూసుకోండి.