విజయవాడలో డెమో కారు కొనేవాళ్లు జాగ్రత్త

నిన్న సాయంత్రం సర్వీస్ సెంటర్ నుంచి వచ్చాను. ఇంకా కోపం తగ్గలేదు. బందరు రోడ్డులో ఉన్న ఒక షోరూమ్ నుంచి ఇరవై రోజుల కింద టెస్ట్ డ్రైవ్ కారు కొన్నాను. కొత్తదైతే ఆన్ రోడ్ 11.40 లక్షలు, దీన్ని 10.20కి ఇచ్చారు. తిరిగింది 8,600 కిలోమీటర్లే. "కొత్త కారే అనుకోండి సార్, వారంటీ మూడేళ్లు" అన్నాడు సేల్స్ అబ్బాయి. నేనూ అదే నమ్మి అడ్వాన్స్ కట్టేశాను.

మొన్న బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ మోత పెరుగుతోంది కానీ బండి వేగం అందుకోవడం లేదు, పైగా కాలిన వాసన. క్లచ్ ప్లేట్ అరిగిపోయిందన్నారు. మార్చడానికి 14,500. వారంటీ ఉంది కదా అంటే మేనేజర్ నా మొహం కూడా చూడకుండా, "క్లచ్ అరిగే భాగం, వారంటీ రాదు. అయినా డెమో కారని తెలిసే కదా కొన్నారు?" అన్నాడు. పక్కన నా భార్య, పిల్లాడు ఉన్నారు. పది లక్షలు తీసుకున్న రోజు టీ తెప్పించి కూర్చోబెట్టిన మనిషే ఇతను. ఆ మాట రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

ఇంటికొచ్చి కాగితాలన్నీ తీశాను. కారు షోరూమ్ పేరు మీద రిజిస్టరై పదకొండు నెలలైంది, వారంటీ ఆ రోజే మొదలైంది. ఇక మిగిలింది రెండేళ్లు, ఒక నెల. ఆర్‌సీలో నేను రెండో ఓనర్‌ని. అందుకే బ్యాంకు పాత కారు లోన్ కింద 13 శాతం వేసింది. కొత్త కారుకి అదే బ్యాంకు 9 చెప్పింది. ఏడు లక్షలకి ఐదేళ్ల ఈఎంఐ 14,531 బదులు 15,927. అంటే మొత్తం మీద 84 వేలు ఎక్కువ. ఆదా అయిందనుకున్న 1.20 లక్షల్లో మిగిలింది 36 వేలు, అందులోంచి ఇప్పుడు క్లచ్ ఖర్చు. ఈ లెక్క సంతకం పెట్టే ముందు వేసుకోవాల్సింది. తప్పు నాదే.

టెస్ట్ డ్రైవ్ కారుని రోజూ కొత్త మనుషులు నడుపుతారు. కొందరికి ఆ క్లచ్ అలవాటు ఉండదు, సగం నొక్కి ట్రాఫిక్‌లో పాకిస్తారు. అందుకే కిలోమీటర్లు తక్కువని నమ్మకండి.

ఎవరైనా చూస్తుంటే అడ్వాన్స్ ఇచ్చే ముందే ఆర్‌సీ అడగండి, రిజిస్ట్రేషన్ తేదీ చూడండి. వారంటీ ఏ రోజు నుంచో కాగితం మీద రాయించుకోండి. ఖాళీ రోడ్డులో నాలుగో గేరులో 40 మీద ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజన్ మోత మాత్రమే పెరిగి వేగం పెరగకపోతే ఆ బండి వద్దు. లోన్ వడ్డీ కూడా బ్యాంకునే నేరుగా అడగండి, షోరూమ్‌లో చెప్పింది వినకండి.