అవయవాల వారీగా సీటీ ఇంప్రెషన్: మూడేళ్లు వాడాక నా సమీక్ష

గుంటూరులో ఒక స్కానింగ్ సెంటర్‌లో రేడియాలజిస్ట్‌ని. మూడేళ్ల క్రితం వరకు పొట్ట సీటీ చూస్తూ నోటికొచ్చిన వరసలో డిక్టేట్ చేసేదాన్ని, టైపిస్ట్ కొట్టేవాడు. చివర్లో ఇంప్రెషన్ కింద ముఖ్యమనిపించిన రెండు మూడు మాటలు చెప్పేసేదాన్ని. ఇప్పుడూ డిక్టేషన్ అలాగే చెబుతాను. కానీ ఆ వాక్యాలన్నిటినీ అవయవ వ్యవస్థల వారీగా సర్ది ఇంప్రెషన్ తయారు చేస్తున్నాం. ఉత్తర అమెరికా రేడియాలజీ సంఘం RSNA వాళ్లు radreport.org లో ఉచితంగా పెట్టిన టెంప్లేట్లు చూసి, మా పనికి తగ్గట్టు ఒకటి రాసుకున్నాం.

దీనికి దారితీసింది ఒక్క కేసు. 52 ఏళ్ల మనిషి, కుడి నడుము పక్కన విపరీతమైన నొప్పి. కాంట్రాస్ట్ లేకుండా సీటీ తీశాం. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే కుడి యురేటర్ చివర 7 మి.మీ. రాయి, పైన కిడ్నీ ఓ మాదిరిగా ఉబ్బి ఉంది. గాల్‌బ్లాడర్‌లోనూ రాళ్లున్నాయి. రిపోర్ట్ అడుగున, వెన్నెముక అరుగుదల గురించి చెప్పాక, కుడి ఊపిరితిత్తి కింది భాగంలో 6 మి.మీ. గట్టి నాడ్యూల్, అంటే చిన్న గడ్డ, ఉందని కూడా చెప్పాను. ఇంప్రెషన్‌లో మాత్రం యురేటర్ రాయి ఒక్కటే రాశాను. యూరాలజిస్ట్ చదివేది ఇంప్రెషనే. ఏడాది తర్వాత ఆ మనిషి మళ్లీ నొప్పితో వచ్చినప్పుడు పాత రిపోర్ట్ తీస్తే, నాడ్యూల్ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదని తెలిసింది. అది పెరగలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడైతే ప్రతి వాక్యాన్నీ ఐదు ప్రశ్నలు అడుగుతాం: ఏ అవయవం, ఏ వైపు, ఏముంది, ఎంత సైజు, ఎంత నమ్మకంగా చెప్పాను. నార్మల్ అన్నవి రిపోర్ట్‌లో ఇంప్రెషన్‌కు ముందుండే ఫైండింగ్స్‌లోనే ఉండిపోతాయి, తేడా ఉన్నవే ఇంప్రెషన్‌కు వస్తాయి. అదే కేసు ఈ పద్ధతిలో ఇలా ఉంటుంది:

మూత్ర వ్యవస్థ: కుడి యురేటర్ చివర 7 మి.మీ. రాయి, దానివల్ల కుడి కిడ్నీలో ఓ మాదిరి వాపు.
లివర్, గాల్‌బ్లాడర్: గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, గోడ మందంగా లేదు.
కనిపించినంత మేర ఛాతీ: కుడి ఊపిరితిత్తి కింది భాగంలో 6 మి.మీ. గట్టి నాడ్యూల్. రిస్క్‌ను బట్టి 3 నుంచి 12 నెలల్లో పూర్తి ఛాతీ సీటీ అవసరం.

ఆ చివరి గడువు ఊపిరితిత్తుల నాడ్యూళ్ల గురించి ఫ్లైష్‌నర్ సొసైటీ 2017లో ఇచ్చిన సూచనల్లోది. పొట్ట సీటీలో అనుకోకుండా కనబడిన 6 నుంచి 8 మి.మీ. నాడ్యూళ్లకు వర్తిస్తుంది. క్యాన్సర్ ఉన్నవాళ్లకు, ఇమ్యూనిటీ తగ్గినవాళ్లకు, 35 ఏళ్లలోపు వాళ్లకు వాడకూడదు. అందుకే ఆ వాక్యం టెంప్లేట్‌లో దానంతటది పడకుండా, నేనే చూసి పెడతాను.

ఛాతీకి విడిగా ఒక గడి ఉండటమే ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది. అది ఖాళీగా కనబడితే చెయ్యి ఆగి, ఊపిరితిత్తుల అడుగు మళ్లీ చూస్తాను.

ఇక ఇబ్బందులు. మొదటి ఆరు నెలలు మమ్మల్ని బాగా ఏడిపించింది ప్యాంక్రియాటైటిస్. ఒక పేషెంట్‌కు ప్యాంక్రియాస్ వాపు, స్ప్లీన్ సిరలో రక్తం గడ్డ, ఎడమ ఊపిరితిత్తి చుట్టూ నీరు. మూడూ ఒకే జబ్బు పనులే. టెంప్లేట్ వాటిని మూడు గడుల్లోకి చెదరగొట్టింది. అది చదివిన ఫిజీషియన్ ఫోన్ చేసి, "ఏమ్మా, ఊపిరితిత్తుల దగ్గర నీరుంది కదా, టీబీకి కూడా చూడమంటారా?" అన్నారు. ఆయన తప్పేం లేదు, రిపోర్ట్ అలా ఉంది మరి. అప్పటినుంచి జబ్బు మొదలైన అవయవం గడిలోనే దాని పర్యవసానాలన్నీ కలిపి రాస్తున్నాం. మిగతా గడుల్లో "పైన చూడండి" అని ఉంటుంది.

రెండోది నమ్మకం స్థాయి. వాక్యాన్ని కుదించేటప్పుడు ముందు ఎగిరిపోయేవి "అనుమానం", "కాదని చెప్పలేం" లాంటి మాటలే. "అపెండిసైటిస్ కాదని చెప్పలేం" అన్నది ఒకసారి "అపెండిసైటిస్" అయిపోయింది. సంతకానికి ముందు చూశాను కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ఆ మాటలను డిక్టేట్ చేసినవి చేసినట్టే ఉంచాలని నియమం. కుడి, ఎడమలు కూడా అంతే, సంతకానికి ముందు మూల వాక్యంతో పోల్చి చూస్తాను.

ముందే నింపి ఉన్న "నార్మల్" వాక్యాలను పూర్తిగా తీసేశాం. గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌లో తీసేసిన ఆవిడకు గాల్‌బ్లాడర్ నార్మల్ అని రిపోర్ట్ వెళ్లింది, అది చాలు.

గడుల వరసను కూడా మార్చుకున్నాం. మొదట్లో లివర్‌తో మొదలయ్యేది, పేగుకు రంధ్రం పడిన కేసులో ఆ మాట నాలుగో లైన్‌లో వచ్చింది. ఇప్పుడు డాక్టర్ ఏ అనుమానంతో పంపారో దానికి జవాబు, లేదా ప్రాణం మీదికొచ్చే విషయం ఏదైతే అది, గడులతో పనిలేకుండా అన్నిటికన్నా పైన ఉంటుంది.

క్యాన్సర్ ఫాలోఅప్ సీటీలకు మాత్రం ఈ టెంప్లేట్ వాడను. అక్కడ ఆంకాలజిస్ట్‌కు కావాల్సింది పాత స్కాన్ కంటే గడ్డ పెరిగిందా తగ్గిందా అన్నది. లివర్‌లో ఒకటి, లింఫ్ నోడ్స్‌లో ఒకటి విడివిడిగా రాస్తే ఆ పోలిక తేలదు. అవి ఇప్పటికీ పాత పద్ధతిలోనే డిక్టేట్ చేస్తున్నాను.