రిటర్న్ పార్సిల్‌ను కెమెరా ముందే విప్పడం: మూడేళ్లు వాడాక నా అభిప్రాయం

నేను ఆన్‌లైన్‌లో ఎస్‌ఎస్‌డీలు, హార్డ్ డిస్కులు అమ్ముతాను. గోడౌన్ అంటూ ఏమీ లేదు, ఒక బల్ల, ఒక అలమర, నేను, మా తమ్ముడు, అంతే. ఈ సరుకులో ఒక తిప్పలుంది: చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, కాబట్టి కొత్తది ఉంచేసుకుని పాతది డబ్బాలో పెట్టి పంపితే పైనుంచి చూసి కనిపెట్టడం కష్టం. అందుకే మూడేళ్లుగా పంపే ప్రతి డబ్బా సీరియల్ నంబర్ రాసుకుంటున్నాం, వెనక్కి వచ్చే ప్రతి పార్సిల్‌నూ వీడియో తీస్తూ విప్పుతున్నాం. అది ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ రాలేదో చెప్తాను.

మొదట్లో ఒక కేసు ఓడిపోయాను, కారణం నేనే. పార్సిల్ వచ్చింది, ఆత్రంగా టేపు కోసేశాను, లోపల వేరే డిస్కు కనిపించగానే కంగారుపడి అప్పుడు ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాను. సైట్ వాళ్లు క్లెయిమ్ తిప్పికొట్టారు. నిజమే కదా, విప్పేసిన పార్సిల్‌లో ఆ డిస్కు ఎవరు పెట్టారో ఆ వీడియోను చూసి ఎవరు చెప్పగలరు? అప్పటినుంచి మూసి ఉన్న పార్సిల్‌తోనే వీడియో మొదలవుతుంది. ఆరు వైపులా తిప్పి చూపిస్తాం, టేపు అతుకుల దగ్గర, ట్రాకింగ్ నంబర్ దగ్గర కెమెరాను కాసేపు ఆపుతాం, ఆ తర్వాతే కట్టర్ తగులుతుంది. మధ్యలో ఒక్క కట్ ఉండకూడదు, చేతులు, పార్సిల్ ఫ్రేమ్ దాటి పోకూడదు. సీరియల్ నంబర్ చూపించేటప్పుడు ఫోకస్ కుదిరేదాకా ఆగండి, అక్షరాలు మసకగా వస్తే ఆ వీడియో దండగ.

అసలు విషయం ఏడాదిన్నర క్రితం వచ్చిన ఒక 1 టీబీ ఎస్‌ఎస్‌డీ. రిటర్న్ కారణం "పనిచేయడం లేదు". డబ్బా మీది సీరియల్ నంబర్ నా రిజిస్టర్‌తో సరిపోయింది, డిస్కు లేబుల్ మీదిది కూడా సరిపోయింది. పాత నేనైతే అక్కడితో సరే అనుకుని డబ్బులు తిరిగిచ్చేసేవాణ్ని. కానీ లేబుల్‌ను వేలితో తడిమితే ఒక మూల చిన్న గుంట తగిలింది, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే స్క్రూడ్రైవర్ దిగిన గుర్తు స్పష్టంగా కనిపించింది. ఆ మోడల్‌లో డిస్కు పెట్టె మూత బిగించే స్క్రూ లేబుల్ కిందే ఉంటుంది. వీడియో ఆపకుండా అలాగే యూఎస్‌బీ అడాప్టర్‌తో కంప్యూటర్‌కు తగిలించి, డిస్కు లోపల నమోదై ఉన్న వివరాలు చూపించే ఈ లినక్స్ కమాండ్ కొట్టాను:

```
sudo smartctl -i -A -d sat /dev/sdb
```

(మీ దగ్గర sdb బదులు ఇంకో పేరు ఉండొచ్చు, ముందు చూసుకోండి. విండోస్‌లో అయితే CrystalDiskInfo ఇవే వివరాలు ఒకే తెర మీద చూపిస్తుంది.)

లేబుల్ మీద ఉన్నది ఒక నంబర్, Serial Number దగ్గర తెర మీద వచ్చింది ఇంకో నంబర్. కెపాసిటీ 240 జీబీ. Power_On_Hours దగ్గర 9,412, అంటే ఆ బోర్డు కరెంటు మీద ఏడాదికి పైగా గడిపింది. నేను డబ్బా పంపి అప్పటికి పదకొండు రోజులే. పెట్టె మాది, లేబుల్ మాది, లోపల బోర్డు మాత్రం పాతది. తూకం వేస్తే కూడా ఇది దొరికేది కాదు, తేడా ఒకటి రెండు గ్రాములకు మించదు. డిస్కు బదులు ఏ రాయో రప్పో పెట్టి పంపే రకానికే తూకం.

ఎంత కోపం వచ్చినా ఆ రోజు కొనుగోలుదారుకు ఇలాగే రాశాను: "నమస్తే అండి, మీ రిటర్న్ అందింది. డిస్కు లేబుల్ మీద ఉన్న సీరియల్ నంబర్, డిస్కు తెర మీద చూపిస్తున్న నంబర్ వేరువేరుగా ఉన్నాయి. ఫొటోలు జతచేశాను. డిస్కును ఎవరికైనా రిపేరుకు గానీ, బిగించడానికి గానీ ఇచ్చారా? రేపు సాయంత్రంలోగా చెప్తే మీ మాట కూడా చేర్చి సైట్‌కు రాస్తాను." దొంగ, మోసం అనే మాటలు ఒక్కటీ లేవు. రిపేరు షాపు వాళ్లు మార్చేసి ఉండొచ్చు, ఇంట్లో ఇంకెవరో చేసి ఉండొచ్చు, ఎవరు చేశారో నా వీడియో చెప్పదు. అది చెప్పేది ఒక్కటే: నేను పంపింది నాకు తిరిగి రాలేదు. అంతవరకే మాట్లాడాలి. ఆయన జవాబివ్వలేదు. సైట్‌కు నాలుగు వాక్యాల ఫిర్యాదు, పంపినప్పటి ఫొటో, విప్పిన వీడియో, తెర ఫొటో పంపాను. అభ్యంతరం చెప్పడానికి సైట్ ఇచ్చే గడువు చిన్నది, అది దాటితే ఎంత సాక్ష్యం ఉన్నా వినరు, కాబట్టి మేము పార్సిల్ వచ్చిన రోజే విప్పుతాం. తొమ్మిది రోజులకు నా వైపు తేల్చారు.

వీడియో ఒరిజినల్ ఫైలు అలాగే ఉంచుకోండి. చాటింగ్ యాప్‌లో పంపితే అది ఫైలును కుదించేస్తుంది, చిన్న అక్షరాలు పోతాయి.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యం. ఆ పాత డిస్కులో ఎవరివో ఫైళ్లు ఉంటాయి. వాటిని తెరవొద్దు. సాక్ష్యం కోసమైనా సరే. సీరియల్ నంబర్, గంటలు చదవడానికి ఒక్క ఫోల్డర్ కూడా తెరవక్కర్లేదు.

"వాడేసి పంపారు" అనే కేసుల్లో మాత్రం తొందరపడొద్దు. గంటలు 3 అనో 5 అనో ఉంటే తగిలించి చూశారు, నచ్చలేదు, అంతే. 26 కనిపించినా రాత్రంతా సిస్టమ్ ఆన్‌లో వదిలేసి ఉండొచ్చు, డిస్కు ఖాళీగా ఉన్నా గంటలు లెక్కలోకి వస్తాయి. అలాంటివాటికి నేను పూర్తి డబ్బు ఇచ్చేస్తాను. డెలివరీ అయిన రోజునుంచి రిటర్న్ అడిగిన రోజుదాకా ఉన్న గంటలకు దగ్గరగా ఆ అంకె ఉంటేనే వాడారని రాస్తాను, దానితోపాటు డిస్కు ఎన్నిసార్లు ఆన్ అయిందో చెప్పే Power_Cycle_Count కూడా చూస్తాను. కొన్ని కంపెనీల డిస్కులు గంటలను వేరే లెక్కలో చూపిస్తాయి, కొన్ని అడాప్టర్లు అసలు వివరాలే ఇవ్వవు. అప్పుడు డిస్కును నేరుగా మదర్‌బోర్డుకు తగిలించి చూడాలి. పూర్తిగా చచ్చిపోయిన డిస్కు అయితే ఈ దారి మూసుకుపోయినట్టే, లేబుల్ మీది నంబర్, స్క్రూ గుర్తులు మాత్రమే మిగులుతాయి.

ఈ పద్ధతితో ఖర్చు తక్కువే, ఒక ఫోన్ స్టాండు, ఒక అడాప్టర్. సమయం మాత్రం పడుతుంది, ఒక్కో రిటర్న్‌కు పది నిమిషాలు. వీడియోలు ఆరు నెలలు ఉంచుతాం, దానికి ఒక డిస్కు నిండిపోతుంది.

పోయిన ఏడాది ఒకామె పంపిన రిటర్న్‌లో నంబర్ రిజిస్టర్‌తో కలవలేదు. ఫిర్యాదు రాయబోతూ ఎందుకో ఆ నంబర్‌ను రిజిస్టర్ మొత్తంలో వెతికాను. అదే రోజు ఇంకొకరికి పంపినట్టు రాసుకున్న నంబర్ అది. ప్యాకింగ్ వీడియో చూస్తే, రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి తమ్ముడు అడ్రస్ లేబుళ్లు తారుమారు చేసి అంటించాడు. ఆమె తప్పు ఏమీ లేదు. ఫోన్ చేసి క్షమాపణ చెప్పి, అదే రోజు డబ్బులు వేశాను. ఇప్పుడు బల్ల మీద ఒక్క డబ్బానే ఉంటుంది, దానికి లేబుల్ అంటించాకే రెండోది అలమరలోంచి బయటికి వస్తుంది.