పౌడర్ ఇన్‌హేలరా, పంపు ఇన్‌హేలరా? సీఓపీడీ ఉన్న పెద్దవాళ్ళకు ఏది మేలు?

ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు సీఓపీడీకి రాసే మందుల్లో చాలావాటికి రెండు రూపాలూ ఉన్నాయి. ఒకటి రోటాహేలర్ లాంటి పరికరంలో క్యాప్సూల్ పెట్టి పీల్చే పొడి, రెండోది నొక్కితే తుంపరగా వచ్చే పంపు. ఏది ఎంచుకోవాలో తేల్చేది ఎక్కువగా ఆ మనిషి ఊపిరి బలం, వేళ్ళ సత్తువ. ఎందుకంటే ఈ రెండూ కోరే ఊపిరి పూర్తిగా వేర్వేరు.

పొడి పరికరంలో మందును బయటికి నెట్టే శక్తి ఏదీ ఉండదు. పీల్చే గాలి వేగమే పొడి ముద్దలను విడగొట్టి సన్నటి రేణువులుగా ఊపిరితిత్తుల్లోకి తీసుకెళ్ళాలి. అందుకే మొదటి క్షణం నుంచే గట్టిగా, వేగంగా లాగాలి. మెల్లగా మొదలుపెట్టి చివర్లో వేగం పెంచితే, ముద్దలు విడిపోకుండానే పొడి వచ్చేసి గొంతుకు అంటుకుంటుంది. సీఓపీడీ ముదిరిన వాళ్ళకు, ముఖ్యంగా ఆయాసం ఎక్కువైన రోజుల్లో, అంత గట్టిగా లాగే బలం ఉండకపోవచ్చు. ఇంకో సంగతి, పరికరంలోకి ఊపిరి వదలకూడదు. ఆ తేమకు పొడి ముద్ద కడుతుంది. సముద్రతీర జిల్లాల ఉక్కపోతలో ఇది మరీ ముఖ్యం. క్యాప్సూల్‌ను వాడే ముందే తడి లేని చేతులతో తీయాలి. దాన్ని మాత్ర అనుకుని మింగేసే పెద్దవాళ్ళూ ఉన్నారు కాబట్టి మొదటి కొన్నాళ్ళు పక్కన ఎవరైనా ఉండి చూడాలి.

పంపుకు ఊపిరి బలం అక్కర్లేదు. వాయువు ఒత్తిడితో మందు దానంతటదే వస్తుంది. బాగా ఊపి, ఊపిరి వదిలి, నెమ్మదిగా లోతుగా పీల్చడం మొదలుపెట్టగానే నొక్కాలి. పీల్చడం నాలుగైదు సెకన్లు సాగాలి, ఆ తర్వాత పది సెకన్లు ఊపిరి బిగపట్టాలి. కష్టమంతా ఆ నొక్కే క్షణంలోనే ఉంది. ముందే నొక్కినా, ఆలస్యమైనా మందులో ఎక్కువ భాగం నోట్లోనే మిగులుతుంది. పంపుకూ నోటికీ మధ్య పెట్టే గొట్టం లాంటి ప్లాస్టిక్ డబ్బా స్పేసర్. అది తగిలిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఒక్కసారి నొక్కి, అందులోంచి నాలుగైదు సార్లు మామూలుగా ఊపిరి తీసి వదిలితే చాలు. రెండు మూడు పఫ్‌లు ఒకేసారి స్పేసర్‌లోకి కొట్టకూడదు. ఒక పఫ్ పీల్చడం పూర్తయ్యాకే ఇంకోటి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి ముందు వంట చేసిన 74 ఏళ్ళ పెద్దావిడ. రోజూ రెండు పూటలా రోటాహేలర్ వాడుతున్నా మందు పనిచేయట్లేదంటోంది. మోతాదు పెంచమని అడిగే ముందు, ఆవిడ పీల్చాక పరికరం విప్పి చూడాలి. లోపల క్యాప్సూల్ ముక్కల్లో పొడి మిగిలి ఉంటే మందు లోపలికి పోలేదన్నమాట. ముఖం పక్కకు తిప్పి ఊపిరి వదిలించి, ఒక్కసారిగా గట్టిగా లాగించి, మిగిలిన పొడిని మరోసారి పీల్పించాలి. కొన్ని రోజులు ఇలా సరిగ్గా చేయించినా పొడి మిగులుతూనే ఉంటే డాక్టరుతో మాట్లాడి స్పేసర్‌తో పంపుకు మారడమే మంచిది. కీళ్ళనొప్పుల వల్ల ఒక చేత్తో డబ్బా నొక్కలేకపోతే రెండు చేతులతో నొక్కవచ్చు, లేదా కోడలో కొడుకో నొక్కవచ్చు. పెదవులు బిగించి మౌత్‌పీస్ పట్టుకోలేకపోతే స్పేసర్‌కు మాస్క్ తగిలించాలి.

నా మాటగా చెప్పాలంటే, 70 దాటి ఆయాసం ముదిరిన వాళ్ళకు స్పేసర్‌తో పంపే మేలు. గట్టిగా లాగగలిగి, ఇంట్లో ఒంటరిగా ఉంటూ, నొక్కడం పీల్చడం కుదరక ఇబ్బందిపడే వాళ్ళకు పొడి పరికరం బాగా పనికొస్తుంది. రోజువారీ మందు పొడి రూపంలో తీసుకునే వాళ్ళయినా, ఒక్కసారిగా ఆయాసం పెరిగినప్పుడు వాడే సాల్బుటమాల్‌ను స్పేసర్‌తో పంపుగా దగ్గర పెట్టుకోవాలి. ఆ సమయంలో పొడిని లాగే శక్తి నమ్మలేం. డాక్టరు చెప్పినన్ని పఫ్‌లు తీసుకున్నా తగ్గకపోతే ఆసుపత్రికి ఆలస్యం చేయకూడదు. రెండు రకాలూ ఇంట్లో ఉన్నప్పుడు పొడి డబ్బా మీద ‘వేగంగా’, పంపు మీద ‘నెమ్మదిగా’ అని పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఒకదాని పద్ధతి ఇంకోదానికి వాడటం పెద్దవాళ్ళలో మామూలుగా జరిగే పొరపాటు.

స్టెరాయిడ్ కలిసిన మందు ఏ రూపంలో తీసుకున్నా తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మాలి, లేకపోతే నాలుక మీద తెల్లటి పూత రావచ్చు. స్పేసర్‌ను సబ్బు నీళ్ళలో ముంచి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. తుడిస్తే ప్లాస్టిక్‌లో విద్యుదావేశం పుట్టి మందు గోడలకే అంటుకుంటుంది. పంపులో మందు అయిపోయాక కూడా ఖాళీ తుంపర వస్తూనే ఉంటుంది కాబట్టి, కౌంటర్ లేని డబ్బా అయితే అందులో ఎన్ని పఫ్‌లు ఉన్నాయో దాని మీద చూసి, మొదలుపెట్టిన తేదీ రాసుకుని, రోజుకు వాడేదాన్ని బట్టి లెక్క వేసుకోవాలి.