లెదర్ సేల్‌లో బెల్టు కొనేవారు ముందు చిల్లులోకి చూడండి

ఫంక్షన్ హాల్లో ‘కాన్పూర్ ఎక్స్‌పోర్టు సరుకు, ఈరోజే ఆఖరు’ అనే బ్యానరు కట్టి, నెలల తరబడి ఆ ఆఖరు రోజును జరుపుకుంటున్న లెదర్ సేల్ సంగతి ఇది. అక్కడ నేను కొన్న బెల్టు బకిల్ దగ్గర మడత పడిన చోట పగిలి, పైపొర పొలుసులుగా రాలిపోతోంది. తీసుకెళ్లి చూపిస్తే ఆ మనిషి తల కూడా ఎత్తకుండా, “సార్, జెన్యూన్ లెదర్ అన్నాను గానీ, ఒకే తోలు ముక్క అన్నానా?” అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు కూడా!

దారుణమేమిటంటే, అతని మాటలో కొంత నిజముంది. తోలు తునకలను, పొడిని జిగురుతో కలిపి షీటుగా చేసి, పైన ప్లాస్టిక్ పూత వేసి, దానిమీద తోలు గీతల అచ్చు కొట్టిన బాండెడ్ లెదర్‌ను కూడా ఈ పేరుతోనే అంటగడతారు. అందులో తోలు ఉంటుంది కాబట్టి వాసన కూడా వస్తుంది. రెక్సిన్‌కైతే ఆ వాసన స్ప్రేతో పట్టిస్తారు. కాబట్టి ముక్కును నమ్మకండి. లైటరుతో కాల్చి చూపించే తంతునూ నమ్మకండి, ఎందుకంటే అతను కాల్చింది బల్లమీది విడి ముక్కను, నా బెల్టును కాదు.

అంచు కూడా ఒక్కోసారి ఏమీ చెప్పదు, ఎందుకంటే మంచి బెల్టులకు సైతం అంచుకు రంగు పూస్తారు. అయితే బకిల్ ముల్లు దూరే చిల్లుల లోపలి గోడకు సాధారణంగా రంగు పూయరు. ఫోన్ టార్చి వేసి అక్కడ చూస్తే, ఒకే తోలు పట్టీలో పైనుంచి కిందిదాకా విడదీయరాని పీచు కనిపిస్తుంది. నా బెల్టులో కనిపించినవి పైన కాగితమంత పలుచటి మెరిసే పొర, మధ్యలో బూడిద రంగు అట్ట, అడుగున గుడ్డ. ఆఫీసు బెల్టుల్లో అసలు తోలు మధ్య కూడా అట్ట పెడతారు కాబట్టి అట్ట ఒక్కదాన్నే చూసి మోసమనకూడదు. పైపొరలో పీచు ఉందా, అది ఉత్త ప్లాస్టిక్ పూతేనా అన్నదే తేల్చుకోవాలి.

కుట్టు నీటుగా ఉందని మురిసిపోనక్కర్లేదు. ఒకే పట్టీ బెల్టుకు అంచు వెంబడి కుట్టు అవసరమే ఉండదు. నా బెల్టులో ఆ పొరలు విడిపోకుండా పట్టుకున్నది ఆ కుట్టే. దగ్గర దగ్గరగా పడిన సూది రంధ్రాల వెంబడే నా బెల్టు పూత చిరగడం మొదలైంది.

పర్సు అంచులను తరచుగా లోపలికి మడిచి కుడతారు కాబట్టి, కార్డు అరల దగ్గర కోసి వదిలేసిన అంచు ఉంటే అక్కడ చూడండి. బిల్లు మీద ‘ఒకే తోలు పట్టీ, బాండెడ్ కాదు’ అని రాయమనండి. రాయనంటే డబ్బు తీయకండి.